పొరుగింటి నిప్పు: అసెంబ్లీ ప్రసంగానికి ఒక మొదటి మాట

బడిలో ఉదయం అసెంబ్లీకి ఒక వరస ఉంటుంది. బెల్లు కొట్టగానే తరగతులవారీగా బారులు తీరడం, పీఈటీ సారు "సావధాన్, విశ్రామ్", ప్రార్థన, ప్రతిజ్ఞ, ఇద్దరు పిల్లలు మైకు దగ్గరికొచ్చి గబగబా చదివే వార్తలు, ఆ తర్వాత నేటి మంచిమాట. ఇవన్నీ అయ్యాక హెడ్మాస్టరు మైకు అందుకుంటారు. జనగణమనకు ముందు ఆయనకు మిగిలేది మహా అయితే ఐదు నిమిషాలు. అప్పటికే ఎండ మొహాలమీదకు వస్తుంటుంది. వెనక వరసలో పదో తరగతి పిల్లలు ఒక కాలిమీంచి ఇంకో కాలిమీదకు బరువు మార్చుకుంటుంటారు. ముందు వరసలో ఆరో తరగతి పిల్ల జడకుచ్చు సర్దుకుంటుంటుంది. వీళ్లందరినీ తనవైపు తిప్పుకోవడానికి ఆయన చేతిలో ఉన్నది మొదటి రెండు మూడు వాక్యాలే. అందుకే చాలామంది హెడ్మాస్టర్లు ఒక కొటేషన్‌తో మొదలుపెడతారు.

విషయం క్రమశిక్షణ ఒక్కటే అయితే కొటేషన్ వెతకడం పెద్ద పని కాదు. కుతూహలం ఒక్కటే అయినా అంతే. రెండూ కలిపి మాట్లాడాల్సి వచ్చినప్పుడే చిక్కు. "నోరు మూసుకుని వినండి" అన్న నోటితోనే "ధైర్యంగా ప్రశ్నలు అడగండి" అనాలి. క్రమశిక్షణ గురించి దొరికే సూక్తులు సైనిక పరేడ్‌లా ఉంటాయి. కుతూహలం గురించి దొరికేవి బడి గోడ దూకమన్నట్టు ఉంటాయి. ఒకదాంతో మొదలుపెట్టి మధ్యలో "అయితే" అని రెండోదానికి మళ్లిన హెడ్మాస్టర్ని పిల్లలు ఆ "అయితే" దగ్గరే వదిలేస్తారు.

రెండింటినీ ఒకేచోట పెట్టిన మాట ఒకటి ఉంది. దాని సగం ఇప్పటికే ఎన్నో బడుల గోడలమీద, స్టాఫ్ రూం క్యాలెండర్లమీద వేలాడుతోంది. ఆ సగం కింద ఉన్న పేరు మాత్రం తప్పు. దాని దగ్గరికి వెళ్లే ముందు, హెడ్మాస్టర్లకు తేలిగ్గా చేతికి తగిలే మరో రెండు మూడు మాటలు చూడాలి. అవి ఎక్కడ విరుగుతాయో తెలిస్తేనే ఏది నిలబడుతుందో తెలుస్తుంది.

మొదటిది సోక్రటీస్ పేరుమీద తిరిగే ఫిర్యాదు. ఈ కాలం పిల్లలు విలాసాలు మరిగారని, మర్యాద తెలియదని, పెద్దలంటే లెక్కలేదని, వ్యాయామం మానేసి కబుర్లు చెప్పుకుంటారని, కాలుమీద కాలు వేసుకు కూర్చుంటారని, గురువులమీదే పెత్తనం చేస్తారని రెండున్నర వేల ఏళ్ల క్రితమే ఆయన వాపోయినట్టు చెబుతారు. క్రమశిక్షణ ప్రసంగానికి ఇంతకంటే రుచిగల ప్రారంభం ఏముంటుంది? ఊరంతా నవ్వుతుంది, మాట కూడా అందుతుంది. 1966లో ఆమ్‌స్టర్‌డామ్ మేయర్ వాన్ హాల్ కూడా వీధుల్లో యువకుల ప్రదర్శనల తర్వాత ఈ మాటనే ఎత్తుకున్నారు. అది పత్రికల్లోకి ఎక్కింది. సోక్రటీస్ దీన్ని ఎక్కడ అన్నాడని వెతికినవాళ్లకు మాత్రం చివరికి దొరికింది గ్రీసు కాదు, కేంబ్రిడ్జి.

కెనెత్ జాన్ ఫ్రీమన్ అనే కుర్రాడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ప్రాచీన గ్రీకు బడుల గురించి ఒక పరిశోధన రాశాడు. 1906లో, ఇరవై నాలుగేళ్లకే చనిపోయాడు. మరుసటి ఏడాది ఆ పరిశోధన "స్కూల్స్ ఆఫ్ హెల్లాస్" పేరుతో పుస్తకంగా వచ్చింది. ఆ కాలపు పెద్దలు పిల్లలమీద చేసిన ఆరోపణలన్నింటినీ ఫ్రీమన్ అందులో ఒకచోట తన మాటల్లో గుదిగుచ్చాడు. అక్కడ సోక్రటీస్ మాట్లాడటం లేదు. ఆ గుత్తిని ఎవరో తెంపుకొచ్చి సోక్రటీస్ చేతిలో పెట్టారు.

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. క్రీ.పూ. 423లో అరిస్టోఫనీస్ "మేఘాలు" అనే ప్రహసనం ఆడించాడు. పాతకాలపు క్రమశిక్షణను పొగుడుతూ కొత్త చదువుల్ని దెప్పిపొడిచే పాత్ర ఒకటి అందులో ఉంది. ఆ కొత్త చదువులకు ప్రతినిధిగా నాటకంలో ఎగతాళికి గురైంది సోక్రటీసే. పిల్లల్ని చెడగొడుతున్నాడన్న నేరం కూడా మోపి క్రీ.పూ. 399లో ఆయనకు మరణశిక్ష వేశారు. అంటే ఏ ఫిర్యాదు ఆయనమీద జరిగిందో ఆ ఫిర్యాదునే ఆయన నోట పెట్టి మనం పిల్లలకు వినిపిస్తున్నామన్నమాట. హైస్కూల్లో సోషల్ పాఠం శ్రద్ధగా చదివిన పిల్లవాడెవడైనా లేచి "సార్, ప్రశ్నలు అడిగినందుకే కదా ఆయనకు విషం ఇచ్చారు?" అంటే హెడ్మాస్టరు ప్రసంగం అక్కడే ఆగిపోతుంది.

రెండోది అరిస్టాటిల్ పేరుమీద ఉన్నది. మనం పదేపదే చేసేదే మనమవుతామని, శ్రేష్ఠత ఒకనాటి పని కాదు, అలవాటు అని దాని సారం. ఇది అమెరికా రచయిత విల్ డ్యురాంట్ వాక్యం. 1926లో వచ్చిన "ది స్టోరీ ఆఫ్ ఫిలాసఫీ"లో అరిస్టాటిల్ నీతిశాస్త్రాన్ని సామాన్య పాఠకుడికి విప్పి చెబుతూ తన మాటల్లో రాశాడు. భావం అరిస్టాటిల్‌దే కనుక ఇది పెద్ద దోషం కాదు. "అరిస్టాటిల్ భావాన్ని విల్ డ్యురాంట్ ఇలా చెప్పాడు" అని చిన్న సవరణ చేస్తే చాలు. కానీ ఇందులో కుతూహలానికి చోటు లేదు.

మూడోది ఐన్‌స్టీన్. ఆయన పేరుమీద తిరిగే సూక్తుల్లో నకిలీలు లెక్కలేనన్ని. చెట్టెక్కలేకపోయిందని చేపను తెలివితక్కువదిగా లెక్కగట్టకూడదన్న మాట వాటిలో బాగా పేరున్నది. అది ఆయన రచనల్లో ఎక్కడా లేదు. కుతూహలం గురించి ఆయన నిజంగా రాసిన మాట ఒకటి ఉంది, దాని చిరునామా కూడా ఉంది. 1952 మార్చి 11న స్విట్జర్లాండ్ రచయిత కార్ల్ జేలిగ్‌కు రాసిన ఉత్తరంలో, తనకు ప్రత్యేకమైన ప్రతిభ ఏదీ లేదని, ఉన్నదల్లా గాఢమైన కుతూహలమేనని రాశాడు. సైన్సు తండ్రి వైపు నుంచీ సంగీతం తల్లి వైపు నుంచీ వచ్చాయా అన్న ప్రశ్నకు ఇచ్చిన జవాబు అది. వంశం గొడవే లేదని తేల్చేశాడు.

ఇది మంచి మాటే, పైగా నిజమైనది. కానీ దీన్ని ఒంటరిగా మైకులో వదిలితే పదో తరగతి వరసలోంచి వచ్చే ప్రశ్న ఊహించడం కష్టం కాదు: "అయితే హోంవర్క్ ఎందుకు సార్?" దానికి జవాబు ఐన్‌స్టీన్ జీవితంలోనే ఉంది. కాంతికిరణం వెంట అదే వేగంతో పరుగెత్తితే ఏం కనిపిస్తుందన్న ప్రశ్న ఆయనకు పదహారేళ్ల వయసులో పుట్టింది. జవాబు దొరికింది 1905లో, ఇరవై ఆరేళ్లకు. జ్యూరిక్ పాలిటెక్నిక్‌లో క్లాసులు ఎగ్గొట్టిన ఐన్‌స్టీన్ పరీక్షలు గట్టెక్కింది మార్సెల్ గ్రోస్‌మన్ అనే సహాధ్యాయి పొందికగా రాసుకున్న నోట్సు చదివి. 1912లో సాపేక్ష సిద్ధాంతాన్ని విస్తరించబోయి లెక్కల దగ్గర ఇరుక్కుపోయినప్పుడు మళ్లీ ఆ గ్రోస్‌మన్ దగ్గరికే వెళ్లాడు. 1913లో ఇద్దరూ కలిసి ఒక పత్రం ప్రచురించారు. గ్రోస్‌మన్ విద్యార్థి దశలో రాసుకున్న ఆ నోట్సు ఇప్పటికీ జ్యూరిక్‌లో భద్రంగా ఉంది. ఈ కథ చెప్పగలిగితే ఐన్‌స్టీన్ మాట నిలబడుతుంది. కానీ ఐదు నిమిషాల్లో నాలుగు దీనికే పోతాయి. ప్రారంభం కథంత పొడుగైతే అది ప్రారంభం కాదు, పాఠం.

ఐన్‌స్టీన్ దగ్గర ఒక గొయ్యి కూడా ఉంది. బోధనా పద్ధతులు కుతూహలాన్ని ఇంకా పూర్తిగా చంపేయకపోవడమే వింత అన్న అర్థం వచ్చే ఆయన మాట ఉపాధ్యాయుల ప్రసంగాల్లో తరచు వినిపిస్తుంది. అది కూడా నిజమైనదే, 1949లో అచ్చయిన ఆత్మకథాత్మక వ్యాసంలోనిది. అయితే అక్కడ ఆ మాటకు అటూ ఇటూ ఉన్నవి చదవాలి. పరీక్షల కోసం బట్టీ పట్టి పట్టి, ఆఖరి పరీక్ష అయ్యాక ఏడాదిపాటు సైన్సు సమస్య అంటేనే తనకు రుచించలేదని ఆయన అక్కడ చెప్పుకున్నాడు. బలవంతంతోను, విధి అన్న భావనతోను చూసే ఆనందాన్నీ వెతికే ఆనందాన్నీ పెంచగలమనుకోవడం పొరపాటని కూడా అన్నాడు. ఉదయం స్లిప్ టెస్టు, సాయంత్రం స్టడీ అవర్ పెట్టిన బడిలో హెడ్మాస్టరు ఈ మాట ఎత్తితే అది తన బడిమీద తానే వేసుకున్న పిటిషన్ అవుతుంది. కొటేషన్ నిజమైనదైతే చాలదు, అది తన పక్షాన మాట్లాడుతోందా అని కూడా చూసుకోవాలి.

ఇప్పుడు గోడమీది మాట దగ్గరికి వద్దాం. చదువంటే బక్కెట్టు నింపడం కాదు, నిప్పు రాజేయడం. దీని కింద సాధారణంగా ఐరిష్ కవి డబ్ల్యు.బి. యేట్స్ పేరు ఉంటుంది, కొన్నిచోట్ల సోక్రటీస్ పేరు కూడా. యేట్స్ రచనల్లో ఈ వాక్యం లేదు. ఆయన పేరు అతుక్కోవడానికి ఒక కారణం మాత్రం ఊహించవచ్చు. ఐర్లాండ్ సెనేటర్‌గా ఉన్న రోజుల్లో ఆయన బడుల్ని చూసి వచ్చాడు, చదువుల గురించి మాట్లాడాడు, 1926లో ఒక బడిని సందర్శించి దానిమీద పద్యం కూడా రాశాడు. చదువు గురించి అందమైన మాట ఏదైనా అనాథగా కనిపిస్తే అలాంటివాడి ఇంటిపేరు పెట్టడం లోకరీతి.

ఆ భావం అసలు ఎక్కడిదంటే, క్రీ.శ. మొదటి శతాబ్దంలో గ్రీసులోని కైరోనియా అనే చిన్న ఊళ్లో పుట్టిన ప్లూటార్క్ దగ్గరిది. గ్రీకు, రోమన్ వీరుల జీవిత చరిత్రలు రాసినవాడిగా ఆయన పేరు చాలామందికి తెలుసు. ఆయనవే ఇంకో డెబ్బైకి పైగా వ్యాసాలు "మొరాలియా" అన్న పేరుకింద చేరాయి. అందులో ఒకటి "వినడం గురించి". నికాండర్ అనే యువకుడు అప్పుడే పెద్దవాళ్ల దుస్తులు వేసుకునే వయసుకు వచ్చాడు. ఇక వెంట కాపలా ఉండే పంతుళ్లు ఉండరు. ఉపన్యాసాలకు తనంతట తానే వెళ్లి కూర్చోవాలి. అతన్ని ఉద్దేశించి రాసిన వ్యాసమిది.

వ్యాసంలో ముప్పాతిక భాగం మామూలు క్రమశిక్షణే. ఎంత మామూలంటే, ఏ బడి డైరీ చివరి పేజీలోనైనా అచ్చు వేసుకోవచ్చు. నిటారుగా కూర్చోవాలి. మాట్లాడేవాడివైపు చూడాలి. మొహం చిట్లించకూడదు, ఆవలించకూడదు, పక్కవాడి చెవిలో గుసగుసలాడకూడదు. కాలుమీద కాలు వేసుకోవడం ఇక్కడా నిషిద్ధమే. చెప్పేది నచ్చకపోయినా మధ్యలో అడ్డుపడకుండా, ఆయన ముగించేదాకా, ముగించాక కూడా కాసేపు ఆగాలి. మాట్లాడేవాడి తప్పు పట్టడం తేలిక. తాను అదే చోట ఉంటే ఏం చెప్పేవాడినని ఇంటికెళ్లి ఆలోచించుకోవడం పని.

ప్రశ్నలు అడగడానికీ ఆయన పద్ధతి చెప్పాడు. అడగమన్నప్పుడు అడగాలి. తెలుసుకోవడానికి అడగాలి, తన తెలివి చూపించుకోవడానికి కాదు. ఎదుటివాడికి ఏది తెలుసో అదే అడగాలి. నీతి చెప్పేవాణ్ని పట్టుకుని లెక్కల చిక్కుముడి విప్పమనడం తాళంచెవితో కట్టెలు కొట్టి, గొడ్డలితో తలుపు తెరవబోవడం లాంటిదన్నాడు. బిడియపడి, అర్థంకాకపోయినా అర్థమైనట్టు తలాడించేవాళ్లనూ ఆయన వదల్లేదు. ఇప్పుడు సిగ్గుపడి ఊరుకున్నవాడు తర్వాత ఇంకా పెద్ద సిగ్గు పడాల్సి వస్తుందని, వెళ్లినవాళ్ల వెంట పరుగెత్తి అడగాల్సి వస్తుందని హెచ్చరించాడు. మన క్లాసుల్లో "అర్థమైందా?" అనగానే ఒక్క గొంతుతో వచ్చే "అయింది సార్" ఆయనకూ తెలుసునన్నమాట.

ఇంత చెప్పాక చివర్లో వస్తుంది నిప్పు మాట. మనసు నింపాల్సిన పాత్ర కాదు, అంటించాల్సిన కట్టె వంటిది. అంటుకుంటే అది తనంతట తాను వెతుకుతుంది, నిజం కావాలని తహతహలాడుతుంది. పోస్టర్ ఇక్కడిదాకానే తెచ్చుకుంది. ప్లూటార్క్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఒకడు నిప్పు కోసం పొరుగింటికి వెళ్లాడనుకో. అక్కడ పెద్ద మంట చక్కగా మండుతోంది. వాడు వచ్చిన పని మరిచి అక్కడే కూర్చుని చలి కాచుకుంటూ ఉండిపోయాడు. గురువు దగ్గరికి వెళ్లి, ఆయన మాటలు వింటూ మురిసిపోయి, తనలో ఏదీ రాజేసుకోకుండా ఉండిపోయేవాడూ అలాంటివాడే. వాడి మొహాన ఎర్రటి కాంతి కనబడుతుంది, లోపల మాత్రం చలీ చీకటీ అలాగే ఉంటాయి.

తెలుగు పిల్లలకు ఈ మాట విదేశీది కాదు. అగ్గిపెట్టెను పొదుపుగా వాడుకున్న రోజుల్లో పొద్దున్నే పిల్లల్ని పక్కింటికి నిప్పుకు పంపడం మన పల్లెల్లో మామూలే. పిడక ముక్క పట్టుకెళ్లి, వాళ్ల పొయ్యిలో దాన్ని అంటించుకుని, ఆరిపోకుండా ఊదుకుంటూ రావాలి. దారిలో ఆటకు ఆగితే ఆరిపోతుంది. మళ్లీ వెళ్లి అడగాలంటే మొహం చెల్లదు. తాతలు, నానమ్మలు ఉన్న ఇళ్లలో ఈ సంగతి అడిగితే ఇప్పటికీ చెబుతారు. నిప్పు కావాలనుకోవడం కుతూహలం. ఆరిపోకుండా ఇంటిదాకా తేవడం క్రమశిక్షణ. ఈ రెండో సగం ప్లూటార్క్ పోలికలో లేదు, మన పిడకలో ఉంది. హెడ్మాస్టరు దీన్ని కలుపుకోవచ్చు, కానీ కలిపింది తానేనని చెప్పాలి. లేకపోతే ఇంకో పదేళ్లకు గ్రీకులు పిడకలు వాడారన్న పోస్టరు తయారవుతుంది.

వ్యాసం పొడుగూతా కుదురుగా వినమని చెప్పి, ఆఖర్న వినడంతోనే ఆగిపోవద్దంటాడు ప్లూటార్క్. ఆ రెంటిమధ్య "అయితే" పెట్టాల్సిన అవసరం ఆయనకు రాలేదు. అందుకే ఈ విషయానికి ఇంతకంటే బాగా అతికే మాట కనిపించదు. బక్కెట్టు పోస్టరు గోడమీద బాగానే ఉంటుంది, మైకు దగ్గర మాత్రం సగం ప్రసంగానికే పనికొస్తుంది.

ఎవరి మాట ఎవరిదో చెప్పడం పంతుళ్ల చాదస్తం కాదా అనేవాళ్లుంటారు. అసెంబ్లీలోనే దానికి జవాబుంది. పిల్లలు రోజూ చెయ్యి చాచి చెప్పే ప్రతిజ్ఞను రాసింది నల్గొండ దగ్గర అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు తెలుగులో రాశారు. 1963లో విశాఖలోని ఒక బడిలో దాన్ని చదివించారు. ఆ తర్వాత అది దేశంలోని భాషలన్నింటిలోకీ వెళ్లింది. అన్ని పాఠ్యపుస్తకాల్లో తన మాటలు అచ్చవుతున్నాయని ఆయనకే చాలాకాలం తెలియదు, ఎందుకంటే కింద పేరు ఉండేది కాదు. ఆయన 1988లో పోయారు. ఆ పేరు చెప్పకుండా ప్రతిజ్ఞ చేయించే బడిలో యేట్స్ పేరుతో ప్లూటార్క్ మాట వినిపిస్తే ఆశ్చర్యం ఏముంది?

మాట ఎవరిదో తేల్చుకోవడం అంత కష్టమేమీ కాదు. ఒక సాయంత్రం పని. పేరు పక్కన పుస్తకమో తేదీయో ఉత్తరమో ఏదీ లేదంటే అనుమానించాలి. ఒకే మాట ఇద్దరు ముగ్గురు మహానుభావుల పేర్లమీద కనిపిస్తే అది ముగ్గురిదీ కాకపోవచ్చు. ప్రాచీనుడి నోట వచ్చిన వాక్యం నిన్నటి పర్సనాలిటీ డెవలప్‌మెంట్ పుస్తకంలా చదవడానికి ఉంటే మళ్లీ వెతకాలి. ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు పేరు తీసేసి, వాక్యాన్ని మాత్రమే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, పాత పుస్తకాల్లో వెతకడం ఒక పద్ధతి. అన్నిటికంటే పాత అచ్చు ఎక్కడ కనబడితే అక్కడికి వెళ్లి ముందు పేరా, వెనక పేరా చదవాలి. ప్లూటార్క్ వ్యాసానికి ఫ్రాంక్ కోల్ బాబిట్ ఇంగ్లీషు అనువాదం 1927లో వచ్చింది, ఇప్పుడు ఉచితంగానే దొరుకుతుంది. వ్యాసం మొత్తం చదవడానికి ఒక గంట చాలు. నిప్పు పోలిక చిట్టచివర్లో ఉంటుంది కనుక ఆత్రం ఉన్నవాళ్లు వెనకనుంచి మొదలుపెట్టవచ్చు.

ఇక మైకు దగ్గర పని. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు పేరుతో మొదలుపెట్టడం. "ప్రఖ్యాత గ్రీకు తత్వవేత్త, చరిత్రకారుడు, రచయిత అయిన ప్లూటార్క్ గారు తన మొరాలియా అనే గ్రంథంలో సెలవిచ్చినట్లుగా..." అనేసరికి ముందు వరసలు పోతాయి, గ్రంథం అన్నచోట వెనక వరసలు పోతాయి. ముందు బొమ్మ కనబడాలి, పేరు తర్వాత రావాలి. ఉదాహరణకు ఇలా:

"పిల్లలూ, ఒక ఊళ్లో ఒకడు పొద్దున్నే నిప్పు తెచ్చుకుందామని పక్కింటికి వెళ్లాడు. వాళ్లింట్లో పొయ్యి భగభగా మండుతోంది. బయటేమో చలి. 'కాసేపు కాచుకుందాం' అని కూర్చున్నాడు. పొద్దెక్కింది, వాడు లేవలేదు. వాడింట్లో పొయ్యి సంగతేమిటి? (ఇక్కడ ఆగాలి. ఎవరో ఒకరు 'వెలగలేదు సార్' అంటారు.) వెలగలేదు. ఈ కథ చెప్పింది ప్లూటార్క్ అని, దాదాపు పంతొమ్మిది వందల ఏళ్ల కింద గ్రీసులో ఉండేవాడు. కుర్రాళ్లు క్లాసులో ఎలా కూర్చోవాలో, ఎలా వినాలో పెద్ద వ్యాసం రాసి, దాని చివర ఈ కథ పెట్టాడు. పంతులుగారి మాటలు వింటూ హాయిగా కూర్చుని ఖాళీ చేతులతో ఇంటికెళ్లేవాడు వీడేనన్నాడు."

తీరిగ్గా చెప్పినా నిమిషం పట్టదు. ఇందులో మూడు పనులున్నాయి. పిల్లలు జవాబివ్వడానికి ఒకచోట ఖాళీ ఉంది. ఎవరు, ఎప్పుడు, ఏ సందర్భంలో అన్నారో ఒక్కో వాక్యంలో వచ్చేసింది. వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పకుండా సొంత మాటల్లో చెప్పారు కనుక తప్పు కోట్ చేశారన్న మాటే రాదు. మధ్యలో ఆగినప్పుడు ఎవరూ పలకకపోతే? మొదటిసారి పలకరు. హెడ్మాస్టరు నిజంగా జవాబు కోసం ఆగారా, ఊపిరి పీల్చుకోవడానికి ఆగారా అన్నది పిల్లలకు తెలియడానికి రెండు క్షణాలు పడుతుంది. ఆ రెండు క్షణాలు ఓపిక పట్టలేక చాలామంది తామే జవాబు చెప్పేస్తారు. ప్రశ్నలు అడగండని మరో నాలుగు నిమిషాలు చెప్పబోయేవారు ఇక్కడే తొందరపడితే మిగతాది పిల్లలు నమ్మరు.

ప్రారంభం అయ్యాక ఏం చెప్పాలన్నది ఆ బడిని బట్టి ఉంటుంది. తీరప్రాంతంలో, ముఖ్యంగా విశాఖలో అయితే సి.వి. రామన్ చేతికందేంత దూరంలో ఉంటారు. నాలుగేళ్ల వయసులో ఆ ఊరొచ్చి, అక్కడి సెయింట్ అలోషియస్ బడిలో చదివి, పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ పూర్తిచేశారు. 1907లో కలకత్తాలో ఆర్థిక శాఖ ఉద్యోగంలో చేరి, పదేళ్లపాటు ఆఫీసుకు ముందూ ఆఫీసు తర్వాతా బౌబజార్ వీధిలోని సైన్స్ అసోసియేషన్ ప్రయోగశాలలో పనిచేశారు. 1921లో ఓడమీద తిరిగొస్తూ సముద్రం నీలంగా ఎందుకుందని అడిగారు. ఆకాశపు నీడ వల్ల అన్న అప్పటి జవాబు విని ఊరుకోకుండా, జేబులో పట్టే నికల్ ప్రిజంతో నీటి పైనుంచి వచ్చే మెరుపును తగ్గించి చూశారు. నీలం అలాగే ఉంది. అక్కడ మొదలైన పని 1928 ఫిబ్రవరి 28కి రామన్ ఎఫెక్ట్ దాకా వచ్చింది. పొరుగింట కూర్చుండిపోకుండా నిప్పు తెచ్చుకున్నవాడు ఎలా ఉంటాడో ఇంతకంటే వివరించనక్కర్లేదు.

ఒక జాగ్రత్త. అసెంబ్లీలో ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఉంటారు. నిప్పు కోసం పొరుగింటికి వెళ్లడమేమిటో అపార్టుమెంటులో పుట్టిన పిల్లలకు తెలియదు. గ్యాస్ లైటరు తప్ప వేరే చూడనివాళ్లకు "ఇంట్లో అగ్గిపెట్టె లేదా?" అన్న ప్రశ్న రావడం సహజం. దాన్ని ముందే పసిగట్టి వివరణ ఇచ్చేయాలని హెడ్మాస్టరుకు అనిపిస్తుంది. ఇవ్వకపోవడమే మేలు. ఎవరో ఒకరు అడుగుతారు, మైకు దగ్గర కాకపోతే వరండాలో. అడిగినవాణ్ని నోటీసు బోర్డు దగ్గరికి తీసుకెళ్లి ఆ ప్రశ్న వాడి చేతనే రాయించి, కింద వాడి పేరు, తరగతి వేయించాలి. వారంలోగా జవాబు తెచ్చినవాళ్లకు వార్తల తర్వాత రెండు నిమిషాలు మైకు ఇస్తానని చెప్పాలి.

జవాబు లైబ్రరీలో దొరుకుతుంది. ఇంగ్లండులో స్టాక్‌టన్ అనే ఊళ్లో మందుల దుకాణం నడిపే జాన్ వాకర్ గరుకు కాగితం మీద గీస్తే మండే పుల్లలు తయారుచేసి, 1827 ఏప్రిల్‌లో మొదటి అమ్మకాన్ని తన చిట్టాలో రాసుకున్నాడు. ప్లూటార్క్‌కూ ఆ చిట్టాకూ మధ్య పదిహేడు వందల ఏళ్లు. ఏడో తరగతి పిల్ల ఎవరైనా ఇది కనుక్కొచ్చి మైకులో చెప్పాక, "మరి అంతకుముందు మొట్టమొదటి ఇంట్లో నిప్పు ఎక్కణ్నుంచి వచ్చింది?" అని ఎనిమిదో తరగతి వరసలోంచి ఇంకొకరు అడిగితే, ఆ వారం పీఈటీ సారు బారులు కాస్త వంకర పోయినా హెడ్మాస్టరు చూడనట్టు ఊరుకోవచ్చు.